తేదీ రాసేటప్పుడు ‘వచ్చే నెల’ వద్దు

మా అక్క కొడుకు పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయించాలని జులై 30న చుట్టాలందరికీ వాట్సాప్‌లో ‘వచ్చే నెల మూడో తేదీ’ అని పెట్టాం. మదనపల్లె పిన్ని దాన్ని ఆగస్టు 1న చూసింది. ఆమెకు వచ్చే నెల అంటే సెప్టెంబరు కదా! ముందురోజు ఫోన్ చేశాం కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆమె రాలేకపోయేది.

అప్పటినుంచి ఒకటే పద్ధతి పెట్టుకున్నాను: నెల పేరు, అంకెలో తేదీ, వారం. ‘ఆగస్టు 3వ తేదీ, ఆదివారం’. సంవత్సరం మారేలా ఉంటే ముందు 2025 అని కూడా చేరుస్తాను. వారం రాయడం మానకండి, ఎందుకంటే తేదీ తప్పు కొట్టినా క్యాలెండర్‌లో వారం కలవకపోతే అక్కడే దొరికిపోతుంది. 3/8 అని మాత్రం రాయను, అమెరికాలో ఉన్నవాళ్లు దాన్ని మార్చి 8 అని చదువుతారు. ఇంకోటి, ఒకచోట ‘ఆగస్టు’ ఇంకోచోట ‘ఆగస్ట్’ అని రాయకుండా ఒకే స్పెల్లింగ్ వాడితే, తర్వాత చాట్‌లో వెతికినప్పుడు అన్ని మెసేజ్‌లూ ఒకేసారి వస్తాయి.

అర్ధరాత్రి దాటాక బయల్దేరే ప్రయాణాలకు ఇది ఒక్కటే చాలదు. తిరుపతిలో రాత్రి 12:40కి రైలు ఎక్కాలంటే టికెట్‌లో 4వ తేదీ ఉంటుంది, మనం మాత్రం 3వ తేదీ రాత్రి అనుకుంటాం. అలాంటప్పుడు ‘ఆగస్టు 3 ఆదివారం రాత్రి భోజనం చేసి స్టేషన్‌కు రావాలి, రైలు 4వ తేదీ 12:40కి’ అని రెండూ రాయండి.