బస్సు యాప్‌లో టైం గెంతుతోందా, ఆగిపోయిందా, మాయమైందా: ఎలా చదవాలి?

విజయవాడ - గుంటూరు మధ్య రోజూ తిరిగేవాళ్లకి ఈ బాధ తెలిసిందే. యాప్‌లో బస్సు పన్నెండు నిమిషాల్లో వస్తుందని ఉంటుంది. టీ తాగి చూస్తే ఇంకా పన్నెండే. మరోసారి చూస్తే పద్దెనిమిది. ఇంకోసారి చూస్తే అసలు బస్సే లేదు. యాప్‌ని తిట్టుకునే ముందు అది ఆ అంకె ఎక్కడినుంచి తెస్తుందో కాస్త చూద్దాం.

బస్సులో ఒక జీపీఎస్ పరికరం, దానికో సిమ్ ఉంటాయి. బస్సు ఉన్న చోటుని ఆ పరికరం కొన్ని సెకన్లకోసారి సర్వర్‌కి పంపుతుంది. మీ స్టాపుకి ఇంకా ఎంత దూరం ఉందో చూసి, మామూలుగా ఆ దారిలో బస్సులు వెళ్లే వేగంతో లెక్కగట్టి సర్వర్ నిమిషాలు చెబుతుంది. అంటే మ్యాప్‌లో కనిపించే చుక్క కళ్లతో చూసినట్టు, నిమిషాలు మాత్రం అంచనా. రెండింటినీ ఒకే రకంగా నమ్మకూడదు.

ముందు ఒక అలవాటు చేసుకోండి. 'ఇంకా 14 నిమిషాలు' అని ఉంటే దాన్ని గడియారం టైంలోకి మార్చుకోండి. ఇప్పుడు 6:10 అయితే బస్సు 6:24కి రావాలి. తర్వాత చూసినప్పుడల్లా ఈ 6:24 నిలబడిందా, జారిందా అన్నదే చూడాలి. కింద చెప్పేదంతా దీనిమీదే ఆధారపడి ఉంది.

సమస్య: నిమిషాలు తగ్గడం లేదు, పైగా పెరుగుతున్నాయి

మంగళగిరిలో నిలబడి విజయవాడ నుంచి వచ్చే గుంటూరు బస్సు కోసం చూస్తున్నారనుకుందాం. 6:10కి చుక్క వారధి ఎక్కే ముందు, మీకు సుమారు 10 కి.మీ. దూరంలో ఉంది. యాప్ 14 నిమిషాలంటోంది, అంటే 6:24. మళ్లీ 6:15కి చూస్తే అదే 14 నిమిషాలు, అంటే 6:29. 6:20కి 13 నిమిషాలు, అంటే 6:33. పది నిమిషాల్లో బస్సు కదిలింది ఒక్క కిలోమీటరే. చేరే టైం మాత్రం తొమ్మిది నిమిషాలు వెనక్కి జరిగింది.

నిమిషం గడిస్తే చేరే టైం కూడా దాదాపు నిమిషం జారుతోందంటే బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుందని అర్థం. యాప్ తప్పు చెప్పడం లేదు. మిగిలిన దారిలో బస్సు మామూలు వేగంతో వస్తుందనుకుని లెక్కవేస్తోంది, ముందున్న జామ్ సంగతి దానికి తెలియదు. ఇక్కడ చాలామంది బస్సు ఇప్పుడు నత్తనడక నడుస్తోంది కదా అని ఆ వేగంతోనే మిగతా దూరాన్ని లెక్కగట్టి, గంటన్నర పడుతుందని ఆటో మాట్లాడేసుకుంటారు. తొందరపడకండి. వారధి దాటితే మంగళగిరి దాకా ఆరు లేన్ల హైవే కాదా? 6:25కి చూస్తే చుక్క ఐదు నిమిషాల్లోనే మూడు కిలోమీటర్లు ముందుకొచ్చింది, మిగిలింది 6 కి.మీ., యాప్ 9 నిమిషాలంటోంది. అంటే 6:34. అంతకుముందు 6:33, ఇప్పుడు 6:34. టైం జారడం ఆగింది కాబట్టి ఇప్పుడు నమ్మొచ్చు.

పరిష్కారం ఇంతే: ఐదు నిమిషాల తేడాతో రెండుసార్లు చూడండి. చేరే టైం రెండుసార్లూ దగ్గర దగ్గరగా ఉంటే దాని ప్రకారం బయల్దేరండి. జారుతూ ఉంటే చుక్క ఆ ఇరుకు చోటు దాటేదాకా అంకెని లెక్కలోకి తీసుకోవద్దు.

సమస్య: చుక్క కదలడమే లేదు

దీనికి రెండు కారణాలు ఉండొచ్చు, వాటికి చేయాల్సిన పనులు మాత్రం పూర్తిగా వేరు. చుక్క మీద నొక్కితే సమాచారం చివరిగా ఎప్పుడు అందిందో చాలా యాప్‌లు చూపిస్తాయి. అంకె కంటే ముందు దాన్ని చూడాలి.

ఆ టైం ఎప్పటికప్పుడు మారుతూ చుక్క మాత్రం అక్కడే ఉందంటే బస్సు నిజంగానే ఆగింది. బస్టాండులో ప్లాట్‌ఫాం మీద ఉందేమో, పైకప్పు కింద సిగ్నల్ సరిగా అందక చుక్క అటూ ఇటూ చిందులు వేస్తూ కూడా కనిపిస్తుంది. చిందులు వేసినా మీకూ దానికీ మధ్య దూరం తగ్గకపోతే బస్సు కదలనట్టే.

ఆ టైం పాతదైతే కథ వేరు. అప్పుడు ఆగింది బస్సు కాదు, కబురు. ఈసారి గుంటూరు నుంచి విజయవాడ వైపు వచ్చే బస్సు తీసుకోండి. చుక్క కాజ టోల్‌గేట్ దగ్గర ఉంది, సమాచారం అందింది 6:40కి, యాప్ 8 నిమిషాలంటోంది. ఇప్పుడు టైం 6:47. ఎనిమిది నిమిషాలు ఉన్నాయి కదా అని నింపాదిగా వాటర్ బాటిల్ కొనుక్కోడానికి వెళ్లారో, బస్సు వెళ్లిపోతుంది. ఆ ఎనిమిది నిమిషాలు కలపాల్సింది 6:47కి కాదు, 6:40కి. బస్సు 6:48కల్లా మీ ముందుంటుంది. సిగ్నల్ పోయినా బస్సు పరుగు ఆపదు కాబట్టి, పాత చుక్క కనిపిస్తే బస్సు దానికంటే మీకు దగ్గరగానే ఉందనుకోవాలి. రోడ్డు మీదకి వచ్చి నిలబడండి.

పాత సమాచారం అన్ని బస్సులకీ కనిపిస్తుంటే లోపం బస్సుల్లో లేదు. మీ ఫోన్ డేటానో, సర్వరో మొరాయించింది. మొబైల్ డేటా ఒకసారి ఆపి మళ్లీ వేసి, యాప్‌ని మూసి తెరవండి.

ఇంకో మోసం ఉంది. చుక్క కదలదు, నిమిషాలు మాత్రం చక్కగా ఒక్కొక్కటే తగ్గుతుంటాయి. చూడటానికి హాయిగా ఉంటుంది కానీ అది టైంటేబుల్ నుంచి వస్తున్న లెక్క, బస్సు నుంచి వచ్చిన కబురు కాదు. బస్సు ఇంకా బయల్దేరనప్పుడు ఇలా కావచ్చు.

సమస్య: చుక్క గెంతుతోంది

నెట్‌వర్క్ లేని చోట పరికరం వివరాలను దాచుకుని తర్వాత ఒక్కసారిగా పంపితే బస్సు మూడు కిలోమీటర్లు ఎగిరినట్టు కనిపిస్తుంది. గెంతాక ఉన్న చోటే నిజం. బెంజ్ సర్కిల్ దగ్గర గెంతితే మాత్రం ఇంకాస్త ఆగాలి. పైన ఫ్లైఓవర్, కింద రోడ్డు ఒకదాని మీద ఒకటి ఉండటంతో బస్సు పైన ఉందో కింద ఉందో చుక్క చెప్పలేదు. పైనుంచి పోయే బస్సు కింద స్టాపులో ఆగదు. మీరు కింద నిలబడి ఉంటే 'ఒక నిమిషం' అన్న మాట చూసి సంబరపడొద్దు, ఆ సర్వీసు ఏ దారిన వెళ్తుందో కండక్టర్లని ముందే అడిగి పెట్టుకోండి.

సమస్య: బస్సు యాప్‌లోంచి మాయమైంది

మీ స్టాపు దాటిపోయి ఉండొచ్చు. కాకపోతే బస్సు మార్చి ఉంటారు. సర్వీసు నంబరు రోజూ అదే ఉన్నా ఆ సర్వీసుకి పంపే బస్సు మారుతుంటుంది. చివరి నిమిషంలో వేరే బస్సు వేసి, ఆ మార్పు సిస్టంలో ఎక్కించకపోతే సర్వీసు నంబరుతో వెతికినా కనిపించదు. రిజర్వేషన్ చేసుకున్నవాళ్లు తమకి వచ్చిన మెసేజ్‌లో బస్సు నంబరు ఉంటే దాంతోనే వెతకాలి. మెసేజ్‌లోని బస్సే మారిపోయి ఉంటే ఇక యాప్‌తో కుస్తీ పట్టి లాభం లేదు, బస్టాండు ఎంక్వైరీ కౌంటర్‌లో అడగడమే.

మామూలుగా తిరిగే విజయవాడ - గుంటూరు బస్సులకైతే ఇంత వెతుకులాట కూడా అక్కర్లేదు. మాయమైనదాన్ని వదిలేసి, దాని వెనక వచ్చేదాని చేరే టైం రెండుసార్లు చూసుకోండి.