భోజన విరామం ప్రకటన ఎలా చేయాలి?

బెంగళూరులో తెలుగువాళ్ళ సభ ఉదయం ఎంత బాగా నడిచినా మధ్యాహ్నం రెండింటికి హాలు సగం ఖాళీ. ట్రాఫిక్ అనుకుంటాం, భుక్తాయాసం అనుకుంటాం. నన్నడిగితే చాలాసార్లు కారణం ఒంటిగంటకు మైకు పట్టుకున్న వ్యాఖ్యాత. నిమిషం కూడా పట్టని ప్రకటన అది. దాన్ని చెడగొట్టని సభ అరుదుగా కనిపిస్తోంది.

ఒక ఉదాహరణ పెట్టుకుని చెప్తాను. మల్లేశ్వరం వైపు ఒక హాలు, ఆదివారం సాహిత్య సభ, మూడు వందల మంది. ఉదయమంతా అందరూ కింద పెద్ద హాల్లోనే. మధ్యాహ్నం రెండుగా చీలాలి: కవి సమ్మేళనం పెద్ద హాల్లోనే, కథల వర్క్‌షాప్ వేదిక వెనకాల చిన్న హాల్లో. అలాగని కార్యక్రమ పత్రంలో అచ్చయింది కూడా. ఈలోగా చిన్న హాల్లో ప్రొజెక్టర్ మొరాయించింది, వర్క్‌షాప్‌ను మేడ మీద లైబ్రరీ గదికి మార్చారు. భోజనాలు సెల్లార్‌లో, బఫే.

కావలసినవి: చీటీ, పెన్ను, చేతి గడియారం. ఫోన్‌లో రాసుకోవద్దు, సరిగ్గా ఆ క్షణంలోనే ఎవరో కాల్ చేస్తారు.

ప్రకటనకు పావుగంట ముందు మూడు పనులు చూసుకోండి. వంటవాళ్ళను అడగండి, అన్నం బల్ల మీదికి వచ్చిందా అని. ‘ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది సార్’ అంటే రాలేదని అర్థం. మేడ మీది గది తాళం తీశారో లేదో మీరే వెళ్ళి చూసుకోండి. మూడోది, గేటు దగ్గరి సెక్యూరిటీని కలవడం. అతనికి తెలుగు రాకపోవచ్చు, మైకులో మీరు చెప్పేది అతనికి చేరదు. బ్యాడ్జి చూపించి, ఇది ఉన్నవాళ్ళను లోపలికి వదలాలని కన్నడంలో విడిగా చెప్పండి. మీకు కన్నడం రాకపోతే వచ్చినవాళ్ళను తీసుకెళ్ళండి.

తర్వాత అధ్యక్షులవారి చెవిలో ఒక మాట వేయాలి: ‘అయ్యా, ముగించాక మైకు నాకివ్వండి. భోజనం సంగతి నేను చెప్తాను.’ చెప్పకపోతే ఆయనే నవ్వుతూ ‘మీకూ భోజనానికీ మధ్య నేను అడ్డం నిలబడను’ అంటారు. ఇక అంతే, వెనక వరసలు లేచిపోతాయి.

ఇక అసలు మెలిక. మనవాళ్ళు ఈ ప్రకటన ఎలా మొదలుపెడతారు? ‘ఇప్పుడు భోజన విరామం. భోజనాలు సెల్లార్‌లో ఏర్పాటు చేశాం. దయచేసి గమనించండి, కథల వర్క్‌షాప్...’ ఆ ‘దయచేసి గమనించండి’ వినపడే సమయానికి వంద కుర్చీలు కిర్రుమంటుంటాయి. భోజనం అన్న మాట తూము ఎత్తినట్టు, ఎత్తాక నీళ్ళను ఆగమంటే ఆగవు. అందుకే అది చిట్టచివర రావాలి. ముందు గది మార్పు, తర్వాత తిరిగి రావడం, ఆఖరున భోజనం. తొందరగా చెప్పాల్సింది ముందు చెప్పాలి కదా అని కొందరు వాదిస్తారు. ఆకలితో ఉన్నవాళ్ళకు భోజనం సంగతి మీరు గుర్తు చేయక్కర్లేదు, వాసన చెప్తుంది. గది మారిందన్న సంగతి మాత్రం మీరు చెప్తేనే తెలుస్తుంది.

‘విరామం’ అన్నా తూము ఎత్తినట్టే. ‘ఇంతటితో ఉదయం సమావేశం’ అన్నా అంతే. చప్పట్లు ఆగే లోపే మైకు దగ్గరికి చేరి, ‘మధ్యాహ్నం వర్క్‌షాప్‌కి పేరిచ్చినవాళ్ళు ఒక్కసారి చెయ్యెత్తండి’ అని మొదలుపెట్టండి. చెయ్యెత్తినవాడు కూర్చునే ఉంటాడు, పైగా వింటాడు. పక్కవాడు కూడా ఏమిటా అని ఆగుతాడు.

గది మార్పు చెప్పేటప్పుడు పాత గది పేరు ఎత్తవద్దు. ‘చిన్న హాల్లో జరగాల్సిన వర్క్‌షాప్ లైబ్రరీకి మార్చబడింది’ అంటే సగం మందికి ‘చిన్న హాల్లో, వర్క్‌షాప్’ అన్నదే గుర్తుంటుంది. అచ్చు కాగితం కూడా అదే చెప్తోందాయె. కొత్త చోటు మాత్రమే, అదీ దారితో సహా చెప్పాలి: చెప్పుల స్టాండు పక్కన మెట్లెక్కి కుడివైపు మొదటి తలుపు. గది పేరు హాలువాళ్ళకు తెలుస్తుంది, మారతహళ్ళి నుంచి మొదటిసారి వచ్చినవాళ్ళకు చెప్పుల స్టాండే తెలుస్తుంది. పాత గది తలుపు మీద కొత్త చోటు రాసిన కాగితం అంటించండి, పొరపాటున వెళ్ళినవాళ్ళకు అదే దిక్కు.

కదలక్కర్లేనివాళ్ళకు కూడా ఆ మాట చెప్పాలి. చెప్పకపోతే ‘మేమెక్కడికి వెళ్ళాలండీ?’ అని వేదిక చుట్టూ మూగుతారు. ‘మిగతా అందరూ ఇదే హాలు’ అంటే ఆ గొడవ తీరిపోతుంది.

తిరిగి రావడం గురించి చెప్పేటప్పుడు ‘గంట విరామం’ అనవద్దు. ఎప్పటి నుంచి గంట? మీ లెక్క ఒంటిగంట నుంచి, బఫే వరసలో చివర నిలబడ్డ పెద్దాయన లెక్క పళ్ళెం చేతికొచ్చిన దగ్గర్నుంచి. గడియారం సమయమే చెప్పండి, అదీ ఒక్కటే. ‘రెండు, రెండుంబావు మధ్య’ అంటే రెండున్నర అనే. బ్యాడ్జి మెడలో ఉంచుకోమనండి. భోంచేసి సంపిగె రోడ్డు వైపు షాపింగ్‌కి జారుకునేవాళ్ళు దాన్ని తీసి సంచిలో వేసి, తిరిగొచ్చాక గేటు దగ్గర వెతుక్కుంటారు. కుర్చీలో చేతిరుమాలు వేసి సీటు ఆపుకోవడం ఒప్పుకుంటారో లేదో కూడా తేల్చేయండి. నేనైతే ఒప్పుకోను.

బఫే బల్ల రెండు వైపులా నడిచినా వంద మందికి పావుగంట పైమాటే. మూడు వందల మందికి రెండు బల్లలుంటే అరగంట దాకా పడుతుంది. అందుకే హాలును రెండుగా చేసి వదలాలి. పెద్దవాళ్ళు, పిల్లలతో వచ్చినవాళ్ళు ఎటున్నా ముందు.

మొత్తం ప్రకటన ఇలా ఉంటుంది:

‘మధ్యాహ్నం కథల వర్క్‌షాప్‌కి పేరిచ్చినవాళ్ళు ఒక్కసారి చెయ్యెత్తండి. మీకే చెప్తున్నాను. మీరు మేడ మీద లైబ్రరీకి రావాలి. చెప్పుల స్టాండు పక్కన మెట్లెక్కితే కుడివైపు మొదటి తలుపు. మేడ మీద లైబ్రరీ. చేతులు దించండి. మిగతా అందరూ ఇదే హాలు. రెండు చోట్లా రెండింటికి మొదలు. బయటికి వెళ్ళేవాళ్ళు బ్యాడ్జి మెడలోనే ఉంచుకోండి, అది లేకపోతే గేటు దగ్గర ఆపుతారు. సామాను వెంట తీసుకెళ్ళండి, సీట్లు ఆపడం లేదు. ఇప్పుడు నా ఎడమ చేతి వైపువాళ్ళు, పెద్దవాళ్ళు, పిల్లలతో వచ్చినవాళ్ళు ముందు లేవండి. కుడివైపువాళ్ళు పది నిమిషాలాగి రండి. సెల్లార్‌లో భోజనం సిద్ధం.’

చెయ్యి చూపిస్తూ ‘ఎడమ’ అనండి. మీ ఎడమ వాళ్ళకు కుడి కాబట్టి మాట ఒక్కటీ చాలదు.

ఈ ప్రకటనలో పద్యం వద్దు. వంకాయ మీద చాటువు చదివి నవ్వించే వ్యాఖ్యాతలున్నారు, నవ్వు ఆగేసరికి జనం మెట్ల దగ్గర ఉంటారు. తెర మీద స్లైడ్ వేస్తే చాలదా అంటారు ఇంకొందరు. వేసుకోండి, కానీ లేచి నిలబడ్డ ముందు వరస వెనకవాళ్ళకు తెర కనపడనివ్వదు. వాట్సాప్‌లో పెట్టినది భోంచేశాక చూస్తారు, అదీ చూస్తే.

చివరి మాట పడగానే మైకు ఆపేయండి. ‘మరొక్కసారి మనవి’ అంటూ లేచిన జనం మీద అరవడం దండగ, రెండోసారి చెప్పింది ఎప్పుడూ పలచబడిపోతుంది. దాని బదులు ఒకటీ నలభై ఐదుకు మీరే సెల్లార్‌కు దిగండి. పెరుగన్నం దగ్గర గుంపు ఉంటుంది. మైకు లేకుండా, ఒక్కో గుంపు దగ్గరా ఆగి ‘వర్క్‌షాప్ మేడ మీద’ అని మాత్రం చెప్పండి. ‘చిన్న హాలు కదండీ?’ అని అడిగేవాళ్ళు అక్కడ ఒకరిద్దరైనా తగులుతారు. వాళ్ళను చేయి పట్టుకుని మెట్ల దాకా తీసుకెళ్ళండి.