రీసెట్ చేసినా ఖాతా మళ్ళీ లాక్ అవుతుంటే: హెల్ప్‌డెస్క్ స్వయంబోధిని, మూడవ పాఠం

బతుకమ్మ, దసరా సెలవులు ముగిసి కార్యాలయం తెరుచుకున్న రోజున హెల్ప్‌డెస్క్‌కు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: "సార్, నా పాస్‌వర్డ్ పనిచేస్తలేదు, జర రీసెట్ చేయండి." ఆ మాటలో మొదటి సగం జబ్బు, రెండవ సగం మందు. జబ్బేమిటో తేలకముందే మందు అడగడం వల్ల, పది నిమిషాల్లో ముగియవలసిన పని రెండు రోజులు సాగుతుంది. కనుక ఈ పాఠంలో తెర మీది సందేశాన్ని చదివి, దేనిని అడగాలో తేల్చుకోవడం నేర్చుకుందాం. విండోస్ కంప్యూటర్లు, కార్యాలయమంతటికీ ఒకే యూజర్ నేమ్ ఉన్న సంస్థలకు ఈ పాఠం వర్తిస్తుంది.

ప్రశ్న: లాగిన్ కాకపోతే ముందుగా ఏమి చూడాలి?

తెర మీద ఏమి రాసి ఉందో అక్షరం పొల్లుపోకుండా చూసుకోవాలి. వీలైతే ఫోనుతో ఫోటో తీయాలి. తరచుగా కనిపించేవి ఈ రెండు:

```
The user name or password is incorrect. Try again.

The referenced account is currently locked out and may not be logged on to.
```

మొదటి సందేశానికి అర్థం మీరు టైపు చేసినది సరిపోలలేదని మాత్రమే. Caps Lock వెలిగి ఉందేమో, కీబోర్డు భాష తెలుగులోకి మారిందేమో చూసుకుని నిదానంగా మరొకసారి కొట్టండి. పాస్‌వర్డ్ నిజంగానే మరచిపోయి ఉంటే రీసెట్ అడగండి.

రెండవ సందేశం వేరే సంగతి చెబుతుంది. మీ పేరుతో తప్పు పాస్‌వర్డ్ వరుసగా చాలాసార్లు వచ్చింది కాబట్టి ఖాతాను తాత్కాలికంగా మూసివేశారని దాని భావం. ఎన్ని తప్పులకు మూయాలి, ఎంతసేపటికి తెరవాలి అన్నది ప్రతి సంస్థా తానే నిర్ణయించుకుంటుంది. ఈ పాఠం కోసం పది తప్పులకు మూసి, పదిహేను నిమిషాలకు తెరుస్తారని అనుకుందాం. ఖాతా లాక్ అయి ఉన్నప్పుడు సరైన పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి పోనివ్వదు. పాస్‌వర్డ్ గుర్తుండి, ఖాతా లాక్ అయినవారు అడగవలసింది రీసెట్ కాదు, అన్‌లాక్. ఈ తేడాను నేను నొక్కి చెప్పడానికి కారణం కింది ఉదాహరణలో తెలుస్తుంది.

ప్రశ్న: అన్‌లాక్ చేయించుకున్నా గంటకోసారి మళ్ళీ ఎందుకు లాక్ అవుతుంది?

హనుమకొండలో ప్రధాన కార్యాలయం, జనగామ, పరకాలలో శాఖలు ఉన్న ఒక పత్తి వ్యాపార సంస్థను ఊహించుకుందాం. అక్కడి లెక్కల విభాగంలో పనిచేసే ఒక మేడమ్ సోమవారం ఉదయం పాస్‌వర్డ్ మార్చుకున్నారు. పదకొండు గంటలకు ఖాతా లాక్ అయింది. హెల్ప్‌డెస్క్ వారు అన్‌లాక్ చేశారు. భోజనం వేళకు మళ్ళీ లాక్ అయింది. ఈసారి ఆవిడ పట్టుబట్టి రీసెట్ చేయించుకున్నారు. సాయంత్రానికి మళ్ళీ అదే కథ. ఎవరో తన ఖాతాలోకి చొరబడుతున్నారని ఆవిడకు భయం పట్టుకుంది.

హెల్ప్‌డెస్క్ సార్ అడిగిన ప్రశ్నలు రెండే. మొదటిది: "మేడమ్, రాత్రి ఇంటికి పోయినంక కూడా లాక్ అయిందా?" లేదు, ఇంటి నుండి మెయిల్ చక్కగా తెరుచుకుంది. రెండవది: "ఆఫీసు వైఫైకి మీ ఫోను కలిపి ఉందా?" ఉంది, చాలా నెలల క్రితం కలిపారు, ఆ తర్వాత మరచిపోయారు. ఆ కార్యాలయంలో వైఫైకి కూడా లాగిన్ యూజర్ నేమ్, పాస్‌వర్డే ఇవ్వాలి. ఫోను పాత పాస్‌వర్డ్‌ను దాచుకుని, ఆవిడ కార్యాలయంలో అడుగు పెట్టినప్పటి నుండి తనంతట తానే దానిని పదేపదే పంపుతోంది. ఆ తప్పుల లెక్క పదికి చేరగానే ఖాతా మూతపడుతోంది. సర్వర్ చిట్టా కూడా దీనినే బలపరిచింది: లాక్ అయిన ప్రతిసారీ 4740 అనే సంఖ్యతో నమోదైన వివరంలో ఆవిడ కంప్యూటర్ పేరు కాకుండా వైఫై లాగిన్లను సరిచూసే సర్వర్ పేరు ఉంది.

ఫోనులోని వైఫై సెట్టింగులలో ఆ నెట్‌వర్క్ పేరు మీద నొక్కి, Forget ఎంచుకుని, కొత్త పాస్‌వర్డ్‌తో మళ్ళీ కలపడంతో సమస్య తీరింది. సోమవారం నాటి రెండవ రీసెట్ వల్ల ఒరిగిందేమీ లేదు, పైగా అప్పటికే కొత్త పాస్‌వర్డ్ ఇచ్చిన చోట్లు కూడా మళ్ళీ పాతబడ్డాయి. ఫోనులో దొరకకపోతే ఇంట్లోని టాబ్లెట్, లాగవుట్ చేయకుండా వదిలేసిన మరొక కంప్యూటర్, మీ కంప్యూటర్‌లోని Credential Manager అనే పెట్టెలో దాచిన పాత పాస్‌వర్డ్‌లు, ఈ మూడింటినీ చూడండి. ఎక్కడా దొరకకపోతే మాత్రం ఆవిడ భయాన్ని కొట్టిపారేయకుండా, భద్రతా విభాగానికి చెప్పవలసిందే.

ప్రశ్న: బయట ఉన్నప్పుడు రీసెట్ చేయించుకుంటే లాప్‌టాప్ కొత్త పాస్‌వర్డ్‌ను ఎందుకు తీసుకోదు?

పరకాల కొనుగోలు కేంద్రంలో కూర్చున్న ఉద్యోగి లాప్‌టాప్‌కు ప్రధాన కార్యాలయ సర్వర్‌తో సంబంధం లేనప్పుడు, అది చివరిసారి సరిపోలిన పాస్‌వర్డ్ గుర్తుతోనే పోల్చి చూస్తుంది. రీసెట్ జరిగిన వార్త దానికింకా చేరలేదు. అందుకని పాత పాస్‌వర్డ్‌తోనే లోపలికి వెళ్ళి, బయటి నుండి కార్యాలయ నెట్‌వర్క్‌కు దారి ఇచ్చే వీపీఎన్‌ను కొత్త పాస్‌వర్డ్‌తో కలుపుకుని, Windows మీట, L కలిపి నొక్కి తెర మూసి, కొత్త పాస్‌వర్డ్‌తో తెరవాలి. పాతది కూడా మరచిపోయినవారికి ఈ దారి లేదు, ఆ లాప్‌టాప్ కార్యాలయానికి రావలసి ఉంటుంది.

ప్రశ్న: లాగిన్ అవుతోంది, కానీ ఫోల్డర్ తెరుచుకోవడం లేదు. పాస్‌వర్డ్ మార్చాలా?

అక్కరలేదు. Access is denied అని వస్తే, మీరెవరో కంప్యూటర్‌కు తెలుసు, ఆ ఫోల్డర్ చూసే అనుమతి మీకు లేదని అర్థం. ఆ అనుమతి ఇచ్చే అధికారం హెల్ప్‌డెస్క్‌ది కాదు, ఆ ఫోల్డర్‌కు బాధ్యత వహించే అధికారిది. ఆయన ఒప్పుకున్న తర్వాతే హెల్ప్‌డెస్క్ దానిని అమలు చేస్తుంది. కాబట్టి అభ్యర్థనను ఆయన చదివి వెంటనే నిర్ణయించగలిగేలా రాయాలి. మంచి అభ్యర్థన ఇలా ఉంటుంది: "జనగామ శాఖ పత్తి చెల్లింపుల ఫోల్డర్‌ను చదవడానికి మాత్రమే అనుమతి కావాలి. నవంబర్, డిసెంబర్ నెలల లెక్కలు సరిచూడడానికి, డిసెంబర్ 31 వరకు చాలు." దీని కింద అడ్రస్ బార్ నుండి కాపీ చేసిన ఫోల్డర్ పూర్తి చిరునామా అతికించాలి.

"ఇంతకుముందు ఈ సీట్లో ఉన్న సార్‌కు ఉన్నవన్నీ నాకూ ఇవ్వండి" అని రాసేవారు చాలామంది. ఆ సార్ రెండు మూడు విభాగాలు మారి, ప్రతిచోటా పోగేసుకున్న అనుమతులతో ఉండి ఉండవచ్చు. జీతాల ఫోల్డర్ కూడా అందులో ఉంటే అది మీకు వస్తుంది. జాగ్రత్త గల అధికారి అలాంటి అభ్యర్థనను తిప్పి పంపుతారు, పంపాలి కూడా.

అనుమతి వచ్చిందని మెయిల్ అందినా ఫోల్డర్ తెరుచుకోకపోతే మరో టికెట్ పెట్టకండి. సాధారణంగా అనుమతులను ఉద్యోగుల గ్రూపుల ద్వారా ఇస్తారు, మీరు ఏయే గ్రూపులలో ఉన్నారన్న జాబితాను కంప్యూటర్ లాగిన్ అయ్యే క్షణంలోనే తీసుకుంటుంది. తెర మూసి తెరిస్తే ఆ జాబితా మారదు. పూర్తిగా Sign out చేసి మళ్ళీ లాగిన్ కావాలి.

అభ్యాసం: ఒక ఉద్యోగి ఉదయం పాస్‌వర్డ్ మార్చుకున్నారు. లాగిన్ సాఫీగా జరిగింది, మెయిల్ వస్తోంది, కానీ నిన్నటి వరకు తెరుచుకున్న ఉమ్మడి ఫోల్డర్ మాత్రం ఇవాళ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఇది అనుమతి సమస్యా, దాచిన పాస్‌వర్డ్ సమస్యా? ఆయన హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసే ముందు తానే చూసుకోగల చోటు ఏది? మూడు వాక్యాలలో జవాబు రాసి పెట్టుకోండి, నాలుగవ పాఠం దానిని సరిచూడడంతోనే మొదలవుతుంది.