కడుపు ఉబ్బరం, 3వ పాఠం: బ్రెత్ టెస్ట్ రిపోర్ట్ చదవడం

పోయిన పాఠంలో డైరీ రాయమన్నాను కదా, రాసినవాళ్ళకి ఈపాటికి ఒకటి అర్థమై ఉంటుంది, రోజుకి పది ఇరవై సార్లు గ్యాస్ పోవడం, పప్పు తిన్న సాయంత్రం పొట్ట బిగుసుకుని తెల్లారేసరికి మామూలైపోవడం, ఇదేం జబ్బు కాదు. బరువు తగ్గుతున్నా, మోషన్‌లో రక్తం పడుతున్నా, రక్తం తక్కువుందని తేలినా మాత్రం ఈ పాఠాలు పక్కనపెట్టి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇక టెస్ట్ సంగతి. బాక్టీరియా ఎక్కువగా ఉండాల్సింది పెద్దపేగులో, అవి చిన్నపేగులో పెరిగిపోతే సిబో అంటారు, అక్కడే చక్కెరల్ని పులియబెట్టి హైడ్రోజన్ వదులుతాయి, అది రక్తంలో కలిసి ఊపిరితో బయటికొస్తుంది. అందుకే లాక్టులోజ్ అనే మన ఒంటికి అరగని చక్కెర 10 గ్రాములు నీళ్ళలో కలిపి తాగించి, 15, 20 నిమిషాలకోసారి బ్యాగ్‌లోకి ఊదిస్తారు. తాగకముందు ఊపిరిలో ఉన్న హైడ్రోజన్ లెక్క మీద 90 నిమిషాల లోపు 20 పీపీఎం పెరిగితే పాజిటివ్ అంటారు.

మా పిన్ని రిపోర్ట్ చూడండి. మొదట 6, గంటకి 9, 80 నిమిషాలకి 14, 100 నిమిషాలకి 41. ల్యాబ్ వాళ్ళు 41 చూసి పాజిటివ్ అని రాసేశారు, పిన్ని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కానీ 80 నిమిషాలకి పెరిగింది 8 మాత్రమే, పెద్ద పెరుగుదల వచ్చింది 90 దాటాక, అంటే అప్పటికి లాక్టులోజ్ పెద్దపేగుకి చేరిపోయిందన్నమాట, అక్కడ గ్యాస్ రావడం సహజం. ఇందులోనే ఇంకో తిరకాసుంది, కొందరికి పేగు కదలిక వేగంగా ఉండి గంటకే పెద్దపేగుకి చేరిపోతుంది, అప్పుడు సిబో లేకపోయినా పాజిటివ్ వస్తుంది. అందుకే ఈ టెస్ట్ ఒక్కదాన్ని పట్టుకుని మందు మొదలుపెట్టడం నాకు అస్సలు నచ్చదు.

మొదటి లెక్కే 25, 30 ఉంటే ముందురోజు ఏం తిన్నారో గుర్తు తెచ్చుకోండి. రాత్రి పప్పుచారు, ఉల్లిపాయ కూర తిని పొద్దున్నే వెళ్తే రిపోర్ట్ నమ్మడానికి ఉండదు. ముందురోజు తెల్లన్నం, గుడ్డు లాంటివే తిని రాత్రంతా ఖాళీ కడుపుతో ఉండాలి, యాంటీబయాటిక్ వాడి నాలుగు వారాలైనా గడవాలి, ఆ పొద్దున సిగరెట్, వ్యాయామం వద్దు.

పిన్ని డైరీ తిరగేస్తే రోజూ రెండు గ్లాసుల పాలు, మూడు రోజులకోసారి మోషన్. రెండు వారాలు పాలు మానేసి పెరుగు ఉంచుకుంది, మలబద్ధకానికి డాక్టర్ మందిచ్చారు, భోజనం అయ్యాక పావుగంట నడిచింది. ఉబ్బరం పూర్తిగా పోలేదు గానీ సాయంత్రాలు చీర కుచ్చిళ్ళు వదులు చేసుకోవడం తగ్గింది. నిజంగా సిబో ఉన్నవాళ్ళకి రిఫాక్సిమిన్ లాంటి యాంటీబయాటిక్ రెండు వారాలు రాస్తారు, తగ్గాక మళ్ళీ రావడం మామూలే, ఎందుకంటే షుగర్ వల్ల పేగు మందగించడం, పాత ఆపరేషన్ లాంటి అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

వచ్చే పాఠం మీథేన్ గురించి. మీ రిపోర్ట్‌లో ఆ కాలమ్ ఉందో లేదో చూసి పెట్టుకోండి, 10 దాటిన చోట పెన్సిల్‌తో గీత గీయండి.