అంకెలతో సావాసం – 4వ పాఠం: బేసి సంఖ్యలు కూడితే వర్గమే ఎందుకొస్తుంది?

పోయిన పాఠంలో 1 నుంచి వరుసగా అన్ని సంఖ్యలనూ కూడాం. ఈసారి సరి సంఖ్యలను పక్కనపెట్టి బేసి సంఖ్యలను మాత్రమే కూడదాం.

```
1 = 1
1 + 3 = 4
1 + 3 + 5 = 9
1 + 3 + 5 + 7 = 16
```

అన్నీ వర్గాలే. ఇంకో పది వరసలు రాసినా వర్గాలే వస్తాయి. అయినా ఇది రుజువు కాదు. వృత్తం మీద చుక్కలు పెట్టి, ప్రతి రెండు చుక్కలనూ గీతతో కలిపి చూడండి. చుక్కలు ఒక్కొక్కటే పెరిగేకొద్దీ లోపల పడే ముక్కలు ఎక్కువలో ఎక్కువ 1, 2, 4, 8, 16 అని వస్తాయి. ఆరో చుక్కకు 32 రావాలి కదా అనుకుంటాం. ఎలా గీసినా 31 దాటవు! కాబట్టి మనకు కావాల్సింది ఇంకా కొన్ని వరసలు కాదు, కారణం.

గుప్పెడు చింతగింజలు తెచ్చుకోండి. ఒక గింజ పెట్టండి. అది ఒకటి బై ఒకటి చదరం. దాన్ని రెండు బై రెండు చెయ్యాలంటే కుడిపక్కన ఒకటి, కింద ఒకటి, మూలలో ఒకటి పెట్టాలి. మొత్తం 3. మళ్లీ పెంచాలంటే కుడిపక్కన 2, కింద 2, మూలలో 1, అంటే 5. ఆ తర్వాత 3, 3, 1, అంటే 7. ఏ గింజ ఎన్నో విడతలో వచ్చిందో గుర్తుకు అంకె వేస్తే ఇలా ఉంటుంది:

```
1 2 3 4
2 2 3 4
3 3 3 4
4 4 4 4
```

ఇప్పుడు 4 అంకెలను మాత్రమే చూడండి. నిలువు చెయ్యి 3, అడ్డం చెయ్యి 3, మూల 1. రెండు చేతులూ ఎప్పుడూ సమానం, ఎందుకంటే లోపలున్నది చదరం. రెండు సమానమైన భాగాలు కలిస్తే సరి సంఖ్యే అవుతుంది. దాన్ని బేసి చేసేది ఆ మూలగింజ. గింజలు పేర్చేటప్పుడు చాలామంది మరిచిపోయేదీ దాన్నే. మూల ఖాళీగా కనిపిస్తే సంగతి అదే.

ఇంకొక మాట. విడత మారినప్పుడల్లా చెయ్యి ఒక్క గింజ పొడుగవుతుంది. చేతులు రెండు కాబట్టి పెట్టాల్సిన గింజలు రెండు పెరుగుతాయి. 3 తర్వాత 5, 5 తర్వాత 7, మధ్యలో ఏ బేసి సంఖ్యా తప్పిపోదు. ఈ లెక్క చదరం ఎంత పెద్దదైనా మారదు. రుజువు ఇక్కడితో అయిపోయింది. గుర్తుల్లో రాయాలంటే ఒక్క వరస చాలు:

```
n² + (2n + 1) = (n + 1)²
```

సిసిలీకి చెందిన ఫ్రాన్సిస్కో మౌరోలికో పుస్తకం 1575లో అచ్చయింది. అందులోనూ దారి ఇదే: ఒక వర్గానికి దాని వంతు బేసి సంఖ్య కలిపితే తర్వాతి వర్గం వస్తుందని చూపి, అక్కడి నుంచి మొత్తం సాధిస్తాడు.

లెక్కలో పొరపాటు జరిగేది సాధారణంగా ఒక్కచోటే: ఎన్ని సంఖ్యలు కూడామో తేల్చడంలో. 1 నుంచి 99 వరకు బేసి సంఖ్యల మొత్తం ఎంత? కొందరు 99 వర్గం అంటారు, కొందరు 49 వర్గం అంటారు. సూత్రం గుర్తు తెచ్చుకోవడం కంటే చివరి విడత గింజలను చూడటం మేలు. 99లో మూలగింజ తీసేస్తే 98. సగం 49, అది ఒక చెయ్యి. అంటే లోపలి చదరం భుజం 49, ఈ విడత పేర్చాక 50. జవాబు 50 × 50 = 2500.

1 నుంచి మొదలుపెట్టకపోతే? 3 + 5 + 7 = 15, వర్గం కాదు. అక్కడ చదరం లోపల ఖాళీ ఉంది. అయితే ఆ ఖాళీ కూడా చదరమే కాబట్టి లెక్క తేలికే. 11 + 13 + 15 + 17 తీసుకోండి. 17 దగ్గర ఆగితే పెద్ద చదరం భుజం 9, అంటే 81. మనం పెట్టనివి 9 దాకా ఉన్న బేసి సంఖ్యలు, అవి 25. తీసివేస్తే 56.

నాకు ఈ పాఠంలో బాగా ఇష్టమైనది చివరికి ఉంచాను. ఒక విడతలో పెట్టే గింజల సంఖ్యే వర్గమైతే ఏమవుతుంది? 9 తీసుకోండి. మూల తీస్తే 8, చెయ్యి 4. లోపల 16, కలిపింది 9, వచ్చింది 25. అంటే 4² + 3² = 5², లంబకోణ త్రిభుజం! 25తో చేస్తే చెయ్యి 12. 144 + 25 = 169, అంటే 12² + 5² = 13². ఇలా ప్రతి బేసి వర్గమూ ఒక త్రిభుజాన్ని ఇస్తుంది, ఒక్క 1 తప్ప. దానికి చేతులే ఉండవు.

49తో మీరు చెయ్యండి. తర్వాత 8, 15, 17 భుజాలున్న త్రిభుజం ఈ పద్ధతిలో ఎందుకు దొరకదో ఆలోచించి ఉంచండి. 5వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.