‘ఇంతకీ అయిందా, అవుతుందా?’: పనుల అప్‌డేట్‌లో కాలాలు కలిసిపోతే ఏం చేయాలి

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు సెక్రటరీగా ఉన్న రోజుల్లో ఒక ఆదివారం బోరు మోటారు కాలిపోయింది. బుధవారం రాత్రి అందరికీ ఈ మెసేజ్ పెట్టాను:

“అందరికీ నమస్కారం. బోరు మోటారు పైకి తీసి వైండింగ్ చేయించి బిగిస్తున్నాం. సంపు కడగడం, పై ట్యాంకు వాల్వు మార్చడం పూర్తి చేస్తాం. వాచ్‌మన్ రోజూ రెండు ట్యాంకర్లు తెప్పిస్తాడు. రేపు సాయంత్రం మోటారు వస్తుంది, తర్వాత నీళ్లు వదులుతాం. అందరూ సహకరించగలరు.”

రాసినప్పుడు అంతా చెప్పేశాననే అనుకున్నాను. పావుగంటలో ఫోన్లు మొదలయ్యాయి. మూడో అంతస్తులో ఉండే అక్క, మోటారు బిగిస్తున్నారు కదా అని బకెట్లు నింపుకోవడం మానేసింది. పక్క బ్లాకు వాళ్లు, సంపు ఇంకా కడగలేదనుకుని ట్యాంకర్ నీళ్లు వద్దన్నారు. నిజానికి మంగళవారమే కడిగించాం. కింది ఫ్లాట్‌లో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు మాత్రం ఒకే ప్రశ్న వేశారు: “ఇంతకీ మోటారు ఎక్కడుంది బాబూ? బోరులోనా, షాపులోనా?”

షాపులో ఉంది. నా మెసేజ్‌లో ఆ సంగతి ఎక్కడా లేదు. ఆ రాత్రి మాస్టారు దగ్గర కూర్చుని ఒక్కో వాక్యం విప్పి చూశాం.

లక్షణం 1: “ఏ పనిదాకా వచ్చారు?” అని అడుగుతున్నారు

కారణం దాదాపు ఎప్పుడూ ‘తీసి, చేయించి, మాట్లాడి’ లాంటి మాటల్లోనే ఉంటుంది. వ్యాకరణంలో దీన్ని క్త్వార్థకం అంటారు. ఒక పని తర్వాత ఇంకో పని అని వరస చెబుతుందే కానీ, దీనికి సొంతంగా కాలం ఉండదు. కాలం కావాలంటే చివరి క్రియ దగ్గర అప్పు తెచ్చుకోవాలి. “తీసి ఇచ్చాం” అంటే తీయడం కూడా అయిపోయింది. “తీసి ఇస్తాం” అంటే తీయడం అయిందో లేదో వాక్యం చెప్పదు.

“పైకి తీసి వైండింగ్ చేయించి బిగిస్తున్నాం” అన్నాను. మూడు పనుల్లో మొదటిది సోమవారమే అయింది. రెండోది షాపులో నడుస్తోంది. మూడోది ఇంకా మొదలవలేదు. మూడింటికీ కలిపి చివర ఒకే ఒక్క క్రియ పెట్టాను, అదీ ‘-తున్నాం’. చదివినవాళ్లు ఆ తోకనే పట్టుకున్నారు.

పరీక్ష చాలా తేలిక. అనుమానం వచ్చిన వాక్యం ముందు ఒకసారి ‘ఇప్పటికే’ పెట్టి, ఇంకోసారి ‘రేపు’ పెట్టి చదవండి. ‘ఇప్పటికే పైకి తీసి... బిగిస్తున్నాం’, ‘రేపు పైకి తీసి... బిగిస్తున్నాం’. రెండూ అతికాయంటే వాక్యం చెడినట్టే.

పరిష్కారం: అయిన పనికీ కావాల్సిన పనికీ మధ్య వాక్యాన్ని తెంపాలి, దేని క్రియ దానికి ఇవ్వాలి. “మోటారును సోమవారం పైకి తీశాం. వైండింగ్‌కు ఇచ్చాం. శుక్రవారం బిగిస్తాం.” చదవడానికి కాస్త ముక్కలుముక్కలుగా ఉంటుంది, ఉండనివ్వండి. అప్‌డేట్‌లో వాక్యం సాఫీగా సాగకపోయినా కొంప మునగదు.

అలాగని ‘-ఇ’ రూపం కనిపించిన చోటల్లా తెంపేయనక్కర్లేదు. ఈ రోజును ఒక గీత అనుకుంటే, పనులన్నీ ఆ గీతకు ఒకే పక్కన ఉన్నప్పుడు పేచీ లేదు. “మోటారు తీసి షాపుకు ఇచ్చాం”: రెండూ అయిపోయాయి, బాగానే ఉంది. “శనివారం ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, మళ్లీ నింపుతాం”: మూడూ కావాల్సినవే, అదీ బాగానే ఉంది. ఒక పని ఈ రోజుకు ఇవతల, ఇంకోటి అవతల ఉన్నప్పుడే గొడవ. ‘బిగించాక నీళ్లు వదులుతాం’ అన్నా అంతే. బిగించడం అయిందో లేదో ‘బిగించాక’ ఒక్కటే తేల్చలేదు.

లక్షణం 2: మాట ఇచ్చారనుకుంటున్నారు, లేదా అలవాటు అనుకుంటున్నారు

“వాచ్‌మన్ రోజూ రెండు ట్యాంకర్లు తెప్పిస్తాడు.” సోమవారం నుంచి తెప్పిస్తున్నాడా, రేపటి నుంచి మొదలుపెడతాడా? తెలుగులో ‘-తాడు, -తాం’ రూపం రెండు పనులు చేస్తుంది. భవిష్యత్తూ చెబుతుంది, ఎప్పుడూ జరిగేదీ చెబుతుంది. రెండోదాన్ని వ్యాకరణంలో తద్ధర్మం అంటారు. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’ అన్నప్పుడు అది రేపటి కార్యక్రమం కాదు కదా. “సోమవారం ట్యాంకు కడుగుతాం” అని రాసినా ఇదే చిక్కు. వచ్చే సోమవారమా, ప్రతి సోమవారమా?

‘-తున్నాం’ ఇంకాస్త గడుసుది. మాట్లాడేటప్పుడు “రేపు ఊరెళ్తున్నాం” అంటాం, ఎవరికీ సందేహం రాదు, ఎందుకంటే ‘రేపు’ పక్కనే ఉంది. ఆ మాట తీసేస్తే మిగిలేది ఇప్పుడు నడుస్తున్న పని. నా ‘బిగిస్తున్నాం’ పక్కన రోజు లేదు. అక్క దాన్ని ఉన్నది ఉన్నట్టే చదివింది. తప్పు నాదే.

పరిష్కారంగా నేను పెట్టుకున్న లెక్క ఇది. ‘-తున్నాం’ను ఈ నిమిషం నడుస్తున్న పనికే వాడతాను, ఎప్పటి నుంచో కూడా చెబుతాను: “సోమవారం నుంచి రోజుకు రెండు ట్యాంకర్లు తెప్పిస్తున్నాం.” ‘-తాం’ను రాబోయే పనికే ఉంచుతాను, పక్కన రోజు రాస్తాను: “శుక్రవారం ఉదయం దింపుతాం.” అలవాటుగా జరిగేదానికి ‘ప్రతి’ తప్పనిసరి. రోజు తెలియకపోతే ‘దింపుతాం’ అనను, ‘దింపాల్సి ఉంది’ అంటాను. మొదటిది మాట ఇవ్వడం. రెండోది పని మిగిలిందని చెప్పడం. ఈ తేడా ఫోన్ చేసేవాళ్లకు మనకంటే బాగా తెలుసు.

లక్షణం 3: జాబితా చదివారు కానీ ఏమీ తేలలేదు

‘సంపు కడగడం, వాల్వు మార్చడం’. ఇవి నామవాచకాలు, వీటికి కాలమే లేదు. “పూర్తి చేస్తాం” అని కలిపి తగిలించేసరికి మంగళవారం అయిన పని కూడా రేపటికి వెళ్లిపోయింది. ఒక్క పని అయి, ఇంకోటి కానప్పుడు రెండింటినీ ఒకే తాటికి కట్టకూడదు. “సంపు మంగళవారం కడిగించాం. కొత్త వాల్వు కొన్నాం, ఇంకా బిగించలేదు.”

‘కడగడం జరిగింది, మార్చడం జరుగుతుంది’ అన్న ఆఫీసు తెలుగుతో కాలం తేలుతుందనుకుంటారు కొందరు. ‘జరుగుతుంది’ కూడా ‘-తుంది’ రూపమే, పాత చిక్కు అలాగే ఉంటుంది. పైగా పని ఎవరు చేశారో మాయమైపోతుంది. నాకు దాని మీద కొంచెం కోపం ఉన్న మాట నిజమే.

లక్షణం 4: పొద్దున చదివినవాళ్లకు ఒక రోజు తేడా వస్తోంది

“రేపు సాయంత్రం” అని బుధవారం రాత్రి రాశాను. సగం మంది గురువారం పొద్దున చూశారు. వాళ్లకు రేపంటే శుక్రవారం. క్రియలన్నీ సరిగ్గా ఉన్నా, అవి ఏ గడియ నుంచి కొలిచినవో పైన రాయకపోతే ఉపయోగం లేదు. నిన్న, నేడు, రేపు తీసేసి వారం పేరు రాయండి. ఎప్పటి పరిస్థితి చెబుతున్నారో మొదటి వరసలో పెట్టండి.

వికటించే చిట్కా

‘కాలాలు కలపకూడదు’ అంటే మెసేజ్ మొత్తం ఒకే కాలంలో రాయాలని అర్థం చేసుకునేవాళ్లున్నారు. అయిన పనీ కావాల్సిన పనీ ఉన్న చోట రెండు కాలాలూ ఉండి తీరాలి. నిలకడ అంటే, ఒకే చోట నిలబడి అటు చూసినవన్నీ భూతకాలంలో, ఇటు చూసినవన్నీ భవిష్యత్తులో రాయడం. ఇతరుల మాట చెప్పేటప్పుడు కూడా ఇంతే. “గురువారం ఇస్తామని షాపువాళ్లు చెప్పారు” అన్న వాక్యంలో ‘ఇస్తామని’ భవిష్యత్తు, ‘చెప్పారు’ భూతం. రెండూ సరైనవే, సర్దకండి.

మాస్టారి ముందు కూర్చుని తిరగరాసింది ఇది:

“బుధవారం రాత్రి 8 గంటలకు ఉన్న పరిస్థితి.

అయినవి: బోరు మోటారును సోమవారం పైకి తీశాం, అదే రోజు వైండింగ్‌కు ఇచ్చాం. మంగళవారం సంపు కడిగించాం. పై ట్యాంకుకు కొత్త వాల్వు కొన్నాం.

నడుస్తున్నవి: మోటారు ఇంకా షాపులోనే ఉంది. సోమవారం నుంచి రోజుకు రెండు ట్యాంకర్లు తెప్పిస్తున్నాం.

కావాల్సినవి: మోటారును గురువారం సాయంత్రం ఇస్తామని షాపువాళ్లు చెప్పారు. ఇస్తే శుక్రవారం ఉదయం దింపుతాం. అదే రోజు 10 నుంచి 12 దాకా నీళ్లు ఆపి వాల్వు మారుస్తాం. సాయంత్రం 6 గంటలకు బోరు నీళ్లు వదులుతాం. అప్పటిదాకా ట్యాంకర్లు వస్తాయి.”

పాతదానికంటే పొడుగు. అయినా ఆ రాత్రి ఇంకో ఫోన్ రాలేదు.

‘అయినవి’ కింద ‘సగం అయింది, మిగతాది చేస్తాం’ అని రాయాలనిపిస్తే ఆగండి. అయిన సగం అక్కడే ఉంచి, మిగతా సగాన్ని ‘కావాల్సినవి’ కిందికి దించండి. లేకపోతే శీర్షిక ఒకటి చెబుతుంది, క్రియ ఇంకోటి చెబుతుంది.

లక్షణం 5: తర్వాతి అప్‌డేట్‌లో పాత భవిష్యత్తు మిగిలిపోయింది

పాత మెసేజ్ కాపీ చేసి కొత్తది రాస్తే ఇది తప్పదు. శనివారం పెట్టిన దాంట్లో ‘శుక్రవారం ఉదయం దింపుతాం’ అలాగే కూర్చుని ఉంటుంది. కాపీ చేసినా పర్లేదు కానీ, పని ‘కావాల్సినవి’ దగ్గర మొదలుపెట్టండి. అక్కడున్న ప్రతి ‘-తాం’నూ ఒకసారి పలకరించండి. అయితే ‘-ఆం’ చేసి పైకి పంపండి. కాకపోతే రోజు మార్చి ఊరుకోకండి, తప్పిన సంగతి ఒక వాక్యంలో చెప్పండి.

మాకు అదే జరిగింది. షాపువాళ్లు మోటారును శనివారం గానీ ఇవ్వలేదు. “మోటారు శుక్రవారం దింపాల్సి ఉంది” అని రాయబోయాను. మాస్టారు వేలు పెట్టి ఆపారు. ‘దింపాల్సి ఉంది’ అంటే గడువు ఇంకా ముందుంది. ‘దింపాల్సింది’ అంటే గడువు దాటింది, పని కాలేదు. “శుక్రవారం దింపాల్సింది. షాపువాళ్లు శనివారం మధ్యాహ్నం ఇచ్చారు. ఆదివారం ఉదయం 9 గంటలకు దింపుతాం” అని పెట్టాను. మూడో అంతస్తు అక్క వెంటనే జవాబిచ్చింది: “సరే, అయితే ఈ రాత్రికి బకెట్లు నింపుకుంటాం.”