ఎండలు ముదరకముందే మేనేజరుకు బీపీ లెటర్: ముందు జాగ్రత్తలు

మా తమ్ముడికి ఫిబ్రవరిలో బీపీ బయటపడింది. గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో మూడు షిఫ్టుల పని వాడిది. "ఆరోగ్యం బాగోలేదు, లైట్ డ్యూటీ ఇప్పించగలరు" అని రెండు ముక్కలు రాసిచ్చాడు. అసలు పనికి పనికొస్తాడా అన్న అనుమానం వచ్చి, పైవాళ్లు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. వాడికి టెన్షన్ ఇంకా పెరిగింది. విశాఖ ఉక్కపోత మొదలయ్యేలోపు ఇలాంటి లెటర్ ఇవ్వాలనుకునేవాళ్లు ఆ పొరపాటు చేయకండి.

ముందు వారం రోజులు ఇంట్లో రీడింగులు రాసుకోండి. టీ తాగిన అరగంటలోపు చూడొద్దు. కుర్చీలో వీపు ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద పెట్టి రెండుసార్లు చూడాలి. రోజుకు రెండు పూటలు. పక్కన ఆ రోజు ఏ షిఫ్టో, ఎన్ని గంటలు నిద్రపోయారో కూడా రాయండి. ఇంట్లో సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే ఎక్కువే. మా వాడి కాగితంలో నైట్ డ్యూటీ దిగి నాలుగు గంటలే పడుకున్న రోజుల్లో పై అంకె 150 దాటింది, జనరల్ షిఫ్ట్ రోజుల్లో 140 లోపే ఉంది. వారం రీడింగులతో ఏదీ తేలిపోదు గానీ, ఆ కాగితం చూశాకే డాక్టరు నైట్ షిఫ్ట్ తగ్గించమని చీటీ రాశారు.

రెండోసారి లెటర్ ఇలా రాయించాను:

"సార్, నాకు కొత్తగా బీపీ వచ్చింది, మందులు వాడుతున్నాను. పని చేయగలను. డాక్టరు సలహా ప్రకారం మూడు నెలలు నైట్ షిఫ్ట్ నుంచి మినహాయించి, ఉదయం షిఫ్ట్ గానీ జనరల్ గానీ ఇప్పించగలరు. మందు డోసు కుదిరేవరకు నెలకోసారి క్లినిక్‌కు సగం పూట వెళ్లాలి. తేదీ వారం ముందే చెబుతాను. మూడు నెలల తర్వాత డాక్టరు చీటీతో మళ్లీ కలుస్తాను. డాక్టరు చీటీ జత చేశాను."

గడువు పెట్టడం నా దృష్టిలో చాలా ముఖ్యం. ఎప్పటికీ అంటే ఏ మేనేజరైనా వెనకాడతారు, మూడు నెలలంటే రోస్టర్‌లో సర్దగలరు. రిపోర్టులన్నీ జత చేయక్కర్లేదు, చీటీ చాలు. రెండు కాపీలు తీసి, ఒకదానిమీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లు చీటీ అక్కడి డాక్టరు దగ్గరే రాయించుకుంటే మాట తేలిక.

జవాబు వచ్చేదాకా మాత్రలు ఆపొద్దు, రీడింగు బాగుందని కూడా ఆపొద్దు. వేడిలో పని అని డాక్టరుకు చెప్పండి. ఒంట్లో నీరు తీసే మాత్ర ఉంటే, చెమటలు పట్టే పనిలో కళ్లు తిరగొచ్చు. వేసవిలో పని దగ్గర పంచే మజ్జిగ ఉప్పు లేకుండా అడిగి తాగండి.

రీడింగు 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు, ఒక పక్క చెయ్యి పట్టు తప్పడం, వీటిలో ఏదున్నా లెటర్ సంగతి పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి.